యూనిట్‌కి ఏడుంపావు

కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి మళ్ళీ ప్రాణం పోయడం మేస్త్రి పని. మార్కెట్ వెనక సందులో ఆయన వైండింగ్ షాపు. ముప్పై ఏళ్ళుగా కరెంటుతోనే కాపురం. అలాంటి మనిషికి కూడా నెల తిరిగి కరెంటు బిల్లు వచ్చేసరికి గుండెలో రాయి పడేది. ఎందుకంటే ఆ ఇంట్లో కరెంటు ఖర్చయ్యేది దీపాలకూ ఫ్యాన్లకూ కాదు, కొడుకు ఊపిరికి.

కొడుక్కి ఇరవై నాలుగేళ్ళు. ఊహ తెలిసేనాటికే కండరాలు కరిగిపోయే జబ్బు పట్టుకుంది. పదేళ్ళకు నడక పోయింది. ఆ తర్వాత చేతులు లేవడం మానేశాయి. ఇరవై దాటాక ఊపిరి తీసే కండరాలూ మొరాయించాయి. ముక్కుకు మాస్కు బిగించి గాలి నెట్టే మిషను ఒకటి, రెండుసార్లు నిమోనియా వచ్చిపోయాక ఆక్సిజన్ మిషను ఒకటి, గొంతులో కఫం లాగేది ఒకటి, ఒళ్ళు పుండ్లు పడకుండా గాలి పరుపు, ఇవన్నీ వేడెక్కించే గదికి ఏసీ. అన్నీ కలిసి నెలకు ఆరువందల యూనిట్లు తాగేవి.

ఒళ్ళు సహకరించలేదు గానీ కుర్రాడి బుర్ర పాదరసం. కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం ఇంకా మాట వినేవి. ఆ రెండు వేళ్ళతో లాప్‌టాప్ నడుపుతూ నాలుగు కొట్ల జమాఖర్చులు ఇంట్లోంచే చూసేవాడు. పాలవాడి లెక్క నుంచి పక్కింటివాళ్ళ చీటీ దాకా దేన్లో తప్పున్నా పట్టేసేవాడు. అందుకే వాళ్ళమ్మ "ఆడిటర్ గారు" అని పేరు పెట్టింది. ఆవిడేమైనా తక్కువా? ఒక ప్రెస్సుకు ఇంటి దగ్గరే ప్రూఫులు దిద్దేది. తల్లి అక్షరం తప్పు వదలదు, కొడుకు అంకె తప్పు వదలడు. "మీ ఇద్దరి మధ్య నేనొక్కణ్ణే అచ్చుతప్పుని" అని నవ్వేవాడు మేస్త్రి.

మేడ మీద సోలార్ పెట్టిద్దామన్న ఆలోచన మేస్త్రిదే. కొలతలు తీసుకోవడానికి కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. టేపు పట్టుకుని మేడంతా తిరిగింది. నీళ్ళ ట్యాంకు నీడ పొద్దున ఎంతవరకు పడుతుందో, సాయంత్రం ఎక్కడికి జరుగుతుందో సుద్దముక్కతో గీతలు గీసింది. మేస్త్రి ఆమె వెనకే నిచ్చెన మోస్తూ తిరిగాడు. చివరికి కిందికి దిగి కొడుకు గదిలో కూర్చున్నారు. ఎందుకంటే ఇంట్లో ఏ లెక్కయినా తేలేది ఆ మంచం పక్కనే.

"ఐదు కిలోవాట్లు సరిగ్గా సరిపోతాయి అంకుల్," అంది అమ్మాయి. "ఏడాదికి ఏడువేల యూనిట్లు వస్తాయి. మీ వాడకం ఏడువేల రెండొందలు. పెట్టుబడి మూడు లక్షలు."

"కరెంటు పోతే?" అంది తల్లి, కొడుకు దిండు సర్దుతూ.

"కరెంటు పోతే ఇవీ ఆగిపోతాయి ఆంటీ. లైను మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకూడదు కదా. మిషన్లకి మీ బ్యాటరీ ఇన్వర్టర్ ఎలాగూ ఉండాల్సిందే. పగలు మిగిలింది గ్రిడ్డుకి వెళ్తుంది, రాత్రి అక్కణ్ణుంచి తీసుకుంటాం, మీటరు రెండువైపులా లెక్క రాస్తుంది."

"యూనిట్ ఎంత పడుతుంది?" అన్నాడు ఆడిటర్. మాట మాటకీ మధ్య మిషను ఒకసారి బుస్సుమనేది. ఆ విరామానికి ఇంట్లో అందరికీ అలవాటు.

"నాలుగు తొంభై మూడు. పెట్టుబడి, ఏటేటా శుభ్రం చేయించే ఖర్చు, పన్నెండో ఏట సోలార్ ఇన్వర్టర్ మార్చే ఖర్చు, అన్నీ కలిపి. మీరిప్పుడు గ్రిడ్డుకి సగటున ఆరు డెబ్భై ఐదు కడుతున్నారు."

"వడ్డీ?"

"ఎనిమిది శాతం వేశాను. ప్యానెళ్ళ శక్తి ఏడాదికి సున్నా పాయింట్ ఏడు శాతం తగ్గుతుందని కూడా కలిపాను."

ఆడిటర్ ముఖం వెలిగింది. తన భాష మాట్లాడే మనిషి ఇంటికి రావడం ఎన్నాళ్ళకో గానీ జరగదు. "బాగుంది మేడం. మరి ఎన్నేళ్ళకి?"

"పాతికేళ్ళకి సార్."

"పాతికేళ్ళు ప్యానెళ్ళకా, నాకా?"

అమ్మాయి చేతిలో టేపు చుట్టడం మొదలుపెట్టింది. తల్లి ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేస్త్రి కిటికీలోంచి సందులోకి చూస్తూ నిలబడ్డాడు. ఆడిటర్ ఒక్కడే నవ్వుతున్నాడు. "ఊరికే అన్నాను మేడం. ఆ ఫైలు నాకు పంపండి. తీరిగ్గా చూసుకుంటాను."

రెండు రోజులు చూశాడు. మూడో రోజు మధ్యాహ్నం, తల్లి ప్రూఫులు ఇవ్వడానికి ప్రెస్సుకు వెళ్ళిన వేళ, షాపు నుంచి భోజనానికి వచ్చిన తండ్రిని పక్కన కూర్చోమన్నాడు.

"నాన్నా, ఐదు కిలోవాట్లు వద్దు. రెండు చాలు."

"అదేంటి? ఐదు అయితేనే చవక అని ఆ అమ్మాయి చెప్పింది కదా. రెండయితే యూనిట్‌కి ఎంత పడుతుంది?"

"ఐదు ముప్పై ఎనిమిది."

"చూశావా మరి! ఎక్కువే కదా."

"నాన్నా, ఒక మోటారు చుట్టించుకోడానికి ఎవడైనా వస్తే ముందు ఏమడుగుతావ్? రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది, ఎన్నాళ్ళు నడవాలి అని అడుగుతావు కదా. ఇదీ అంతే. పాతికేళ్ళ ఖర్చంతా పోగేసి, పాతికేళ్ళ యూనిట్లతో భాగించారు. రెంటినీ వడ్డీ కోసి ఇవాళ్టి విలువకి దించి మరీ. ఆ యూనిట్లన్నీ మనం వాడుకుంటేనే నాలుగు తొంభై మూడు. వాడుకోకపోతే?"

"ఎందుకు వాడుకోం?" అన్నాడు మేస్త్రి. అడిగాక నాలుక కరుచుకున్నాడు.

కొడుకు మిషను రెండుసార్లు ఊపిరి నెట్టేదాకా ఆగాడు. "ఈ మిషన్లు ఆగిపోతే మన ఇంటికి నెలకి నూట ఇరవై యూనిట్లు. అంత తక్కువ వాడేవాళ్ళకి గ్రిడ్డులో కింది శ్లాబు. యూనిట్ మూడుంపావు. అప్పుడు మేడ మీద నాలుగు తొంభై మూడు పెట్టి తయారుచేసుకుని, మిగిలింది గ్రిడ్డుకి రెండు రూపాయలకి అమ్ముకుంటావు. మూడు లక్షలు బూడిదలో పోసినట్టు. అదే రెండు కిలోవాట్లయితే, ఎక్కువ వాడినందుకు మనం కట్టే పైశ్లాబు తొమ్మిదిన్నర రూపాయల యూనిట్లన్నీ అవి ముందు కోసేస్తాయి. ఐదేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుంది. ఆ తర్వాత ఏమైనా నువ్వూ అమ్మా నష్టపోరు."

"ఐదేళ్ళు..." అన్నాడు మేస్త్రి.

"ఐదేళ్ళకి నాది హామీ. కావాలంటే స్టాంపు పేపరు మీద రాసిస్తాను. పాతికేళ్ళకి మాత్రం ఇవ్వలేను నాన్నా. అబద్ధం లెక్క రాయడం నాకు చేతకాదు."

మేస్త్రి కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచాడు. డాక్టర్లు చెప్పాల్సింది ఎప్పుడో చెప్పారు. ఆ మాటను ఆయనా భార్యా చెరో మూల దాచుకుని, ఒకళ్ళకు తెలియనట్టు ఒకళ్ళు ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు. కొడుకు మాత్రం దాన్ని తీసి కూరగాయల బేరంలా ముందు పెట్టాడు. ఐదు పెట్టిస్తే వాడి మాట కాదన్నట్టు. రెండు పెట్టిస్తే వాడు పోతాడని ఒప్పుకుని సంతకం చేసినట్టు. మింగాలేక కక్కాలేక మేస్త్రి ఆ వారమంతా షాపులో తీగ చుడుతూ చుట్లు లెక్క తప్పాడు. చుట్టిన మోటారే మళ్ళీ విప్పి చుట్టాడు.

చివరికి ఒకరోజు షట్టరు సగం దించి సోలార్ కంపెనీకి వెళ్ళాడు.

"రెండే పెట్టండమ్మా," అన్నాడు. అమ్మాయి తలూపి రాసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా. ప్యానెళ్ళు రెండు కిలోవాట్లవే. కానీ ఇన్వర్టర్ మాత్రం ఐదుది పెట్టు. మేడ మీద ఇనప స్టాండు కూడా ఐదుకి సరిపడా వేయించు. పర్మిషనూ ఐదుకే తీసుకో."

"అంకుల్, ఇన్వర్టర్‌కే పాతిక వేలు ఎక్కువవుతుంది. స్టాండుకి ఇంకో ఇరవై. దానివల్ల ఒక్క యూనిట్ కూడా ఎక్కువ రాదు. పన్నెండేళ్ళకి ఆ పెద్ద ఇన్వర్టరే మళ్ళీ మార్చాలి. యూనిట్ ఖరీదు బాగా పెరిగిపోతుంది."

"పెరగనీ."

"ఆడిటర్ గారు ఒప్పుకున్నారా?"

"వాడికి చెప్పొద్దు."

అమ్మాయి కాగితం మీద రెండు పక్కన ఐదు కూడా రాసుకుంది. తర్వాత ఎప్పుడైనా మిగతా ప్యానెళ్ళు పెట్టుకోడానికి చోటు ఉండాలన్నదొక్కటే ఆయనకు తెలిసింది. ఆ "తర్వాత" అన్న మాటకు ఆయన నలభై ఐదు వేలు ఇచ్చి వచ్చాడు.

పనివాళ్ళు వచ్చి నాలుగు ప్యానెళ్ళు బిగించి వెళ్ళారు. మీటరు మార్చారు. మేడ మీద సగానికి పైగా ఇనప స్టాండు ఖాళీగా ఉండిపోయింది. మంచం దిగని మనిషికి మేడ ఎలా కనిపిస్తుంది? మేస్త్రి ధైర్యం అదే. కానీ అంకెలకు మెట్లెక్కే పనిలేదని ఆయన మర్చిపోయాడు.

కొత్త మీటరు తిరిగిన వారానికే ఆడిటర్ తన ఫైల్లో అసలు ఖర్చు నింపుకుందామని కంపెనీకి ఫోన్ చేశాడు. అమ్మాయి ఊళ్ళో లేదు. ఫోన్ ఎత్తిన గుమాస్తాకు ఈ గొడవేమీ తెలియదు. "లక్షా డెబ్భై ఐదు వేలు సార్, మొత్తం ముట్టింది" అని చెప్పేశాడు.

ఆ సాయంత్రం మేస్త్రి చేతులకున్న వార్నిష్ మరక కడుక్కుంటుంటే గదిలోంచి పిలుపు వచ్చింది.

"నాన్నా, యూనిట్‌కి ఏడుంపావు వస్తోంది."

"ఏంటి?"

"మన సోలార్. ఐదు ముప్పై ఎనిమిది రావాలి. ఏడుంపావు వస్తోంది. మూడుసార్లు చేశాను. ఎండ తగ్గలేదు, వడ్డీ మారలేదు, పాతికేళ్ళూ మారలేదు. పెట్టుబడి ఒక్కటే మారింది. రెండు కిలోవాట్లకి లక్షా డెబ్భై ఐదు వేలు ఏ దేశంలో తీసుకుంటారు? వాళ్ళు నిన్ను ముంచారా, నువ్వు నన్ను ముంచావా?"

మేస్త్రి తువ్వాలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆయన ముఖం చూశాక ఆడిటర్‌కు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"ఎన్ని కిలోవాట్లకి స్టాండు వేయించావ్?"

"ఐదుకి."

"ఇన్వర్టరూ?"

"ఊఁ."

"గ్రిడ్డులో సగటు ఆరు డెబ్భై ఐదు. మనది ఏడుంపావు. అంటే గ్రిడ్డు కంటే ఖరీదైన కరెంటు మేడ మీద తయారుచేసుకుంటున్నాం. ఊళ్ళోవాళ్ళు వింటే నవ్విపోతారు. నేనేం చెప్పాను, నువ్వేం చేశావ్? ఆ పైన పడ్డ రెండు రూపాయలు ఏ పద్దు కింద రాయను?"

"రాయకు," అన్నాడు మేస్త్రి. "ఆ రెండు రూపాయలు నావిరా. నీ లెక్కలో కలపకు. నీ లెక్క నువ్వు రాసుకో. రెండు రూపాయలు నాకు వదిలెయ్."

మిషను బుస్సుమంటోంది. కోపం పెట్టుకుందామంటే ఆ కుర్రాడికి అంత ఊపిరి లేదు. కాసేపటికి కళ్ళలోంచి నీళ్ళు జారి మాస్కు అంచు దగ్గర ఆగాయి. తుడుచుకోడానికి చెయ్యి లేవదు. మేస్త్రి వచ్చి, చేతిలో ఉన్న తడి తువ్వాలుతోనే కొడుకు ముఖం తుడిచాడు. వార్నిష్ వాసనకు కొడుకు ముక్కు చిట్లించాడు.

"కంపు కొడుతోంది నాన్నా."

"కొట్టనీ."

గుమ్మం దగ్గర తల్లి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. ప్రూఫుల కట్ట గుండెలకు హత్తుకుని, "ఏడుంపావు అయితే అయింది. నన్నడిగితే పది అయినా పెట్టేదాన్ని" అని, వెంటనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఆ సంగతి ముగ్గురూ కలిసి పైకి మాట్లాడింది ఆ ఒక్కసారే.

మర్నాడు ఆడిటర్ బేరానికి దిగాడు. "సరే, స్టాండు ఎలాగూ వేశావు. ఖాళీగా ఉంచడం ఇంకా దండగ. నేను ఏడాది నిలబడితే రెండు ప్యానెళ్ళు పెట్టు. ఇంకో ఏడాది నిలబడితే ఇంకో రెండు. ముందే పెట్టడానికి వీల్లేదు."

"నిలబడటమేంట్రా, నువ్వు పడుకునే ఉంటావు కదా," అన్నాడు మేస్త్రి.

"అదే, పడుకుని నిలబడితే," అన్నాడు కొడుకు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ ఏడాది మంచి ఏడాది. వానలు కూడా చెప్పినట్టు విన్నాయి. మేస్త్రి వారానికోసారి తెల్లవారకముందే మేడెక్కి, ప్యానెళ్ళు చల్లగా ఉండగానే దుమ్ము కడిగేవాడు. ఆడిటర్ ప్రతి సాయంత్రం ఆ రోజు ఎన్ని యూనిట్లు వచ్చాయో ఫోన్లో చూసుకుని పైకే చదివేవాడు. పదకొండు వచ్చిన రోజు తల్లిని పిలిచి మరీ చెప్పేవాడు. ఎనిమిది శాతం వడ్డీ లెక్కలో పాతికో ఏట వచ్చే యూనిట్ ఇవాళ ఆరోవంతు కూడా తూగదనీ, మొదటి ఏటి యూనిట్లే బరువైనవనీ తల్లికి వివరించేవాడు. "అంటే ముందు గడిచే రోజులే విలువైనవి అమ్మా. ఇది నేను కనిపెట్టింది కాదు, లెక్కలోనే ఉంది" అనేవాడు. తల్లి వింటూ అతని వేళ్ళు ఒక్కొక్కటీ నెమ్మదిగా సాగదీసి నూనె రాసేది.

ఏడాది నిండింది. మేస్త్రి మాట ప్రకారం రెండు ప్యానెళ్ళు తెప్పించాడు. ఈసారి పనివాళ్ళతో పాటు సోలార్ అమ్మాయి కూడా వచ్చింది. మేడ మీంచి ఫోన్లో వీడియో చూపిస్తుంటే ఆడిటర్ మంచం మీంచి అజమాయిషీ చేశాడు. "ఆ మూల బోల్టు వంకరగా ఉంది, చూడమనండి" అన్నాడు. నిజంగానే వంకరగా ఉంది. పని అయ్యాక లెక్క మళ్ళీ చేశాడు. ఏడుంపావు కాస్తా ఐదున్నరకు దిగింది.

"చూశావా నాన్నా, నేను ఒక్క ఏడాది బతికితే యూనిట్‌కి రూపాయి ముప్పావలా తగ్గింది!" అన్నాడు గర్వంగా. మేస్త్రి ఆ రోజు షాపుకు వెళ్ళలేదు. కొడుకు పక్కన కూర్చుని, అర్థమైనా కాకపోయినా ఆ ఫైలంతా పై నుంచి కింద దాకా చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. చలి ముదిరాక మామూలు జలుబులా మొదలైంది. కఫం లాగే మిషను ఎంత లాగినా తెగలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి పెద్ద మిషను మీద కొన్నాళ్ళు పోరాడాడు. మాట్లాడ్డానికి వీల్లేకపోయింది. రెండు వేళ్ళతో తండ్రి అరచేతిలో ఏదో రాయబోయేవాడు. అంకెలో అక్షరాలో మేస్త్రికి తెలియలేదు. తల్లి కూడా ఎంత ప్రయత్నించినా చదవలేకపోయింది. ఒక మధ్యాహ్నం ఆ వేళ్ళు కూడా ఆగిపోయాయి.

ఐదేళ్ళకు హామీ ఇచ్చిన కుర్రాడు రెండేళ్ళు కూడా నిండకుండా వెళ్ళిపోయాడు. జీవితంలో వాడి లెక్క తప్పింది ఆ ఒక్కచోటే.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ఇల్లు ఇంత పెద్దదా అనిపించింది మేస్త్రికి. షాపు తెరిచాడు. తీగ చుట్టాడు. ఇంటికి వచ్చాడు. భార్య ప్రూఫులు ముందేసుకుని కూర్చునేది గానీ, ఎర్ర పెన్ను మూత తీసేది కాదు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండానే తిని పడుకునేవాళ్ళు.

మరుసటి నెల బిల్లు వచ్చింది. ఆవిడ అలవాటుగా చూసింది. చూసి, కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూసింది. వాడకం ఐదువందల ఎనభై యూనిట్లు. అచ్చుతప్పేమో అనుకుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరు, వెలిగేవి రెండు దీపాలు. ఇన్ని యూనిట్లు ఎవరు వాడినట్టు?

కొడుకు గది తలుపు మూసే ఉంటోంది. ఆవిడ అటు వెళ్ళలేకపోయేది. ఆ రోజు వెళ్ళింది. తలుపు తోయగానే చల్లటి గాలి ముఖానికి కొట్టింది. ఏసీ నడుస్తోంది. మూల ఆక్సిజన్ మిషను గుడగుడమంటోంది, దాని గొట్టం చివర ఎవరూ లేరు. గాలి పరుపు ఒక గడి ఉబ్బుతూ ఒక గడి తగ్గుతూ, మీద మనిషి ఉన్నట్టే కదులుతోంది. దుప్పటి మడత కూడా చెదరలేదు.

మేస్త్రి భోజనానికి వచ్చేసరికి ఆవిడ ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"మీరేనా?"

ఆయన చల్లదనం పోకుండా తలుపు దగ్గరికి వేశాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచి." గోడతో చెబుతున్నట్టు చెప్పాడు. "మీటరు కింది శ్లాబుకి పడిపోతుందే. వాడు చెప్పాడు కదా... మిషన్లు ఆగితే నూట ఇరవై అవుతుందని. ఆ నూట ఇరవై నేను చూడలేను. ఆ అంకె వచ్చిందంటే వాడు పోయినట్టు... అచ్చేసి మరీ ఇంటికి పంపుతారు."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "నాకూ వినపడాలనే ఉంటుందండీ ఈ చప్పుడు. ఇన్నేళ్ళు దీనికి నిద్రపట్టక చచ్చేదాన్ని. ఇప్పుడు ఇది లేక నిద్రపట్టడం లేదు. మూసిన తలుపు వెనక నడుస్తూనే ఉందని తెలిసుంటే ఇక్కడే పడుకునేదాన్ని."

"పడుకుందాం అయితే. ఉండనీ."

"వాడుంటే ఏమనేవాడు?"

మేస్త్రి చెదరని దుప్పటినే మళ్ళీ సర్దాడు.

"ఖాళీ మంచానికి ఆక్సిజనా నాన్నా అనేవాడు. తిట్టేవాడు మిమ్మల్ని. నన్ను కూడా." ఆవిడ లేచింది. "ఆసుపత్రిలో వాడి పక్క బెడ్డు పాప గుర్తుందా? ఇంటికి పంపిస్తారట. ఆక్సిజన్ మిషను అద్దెకి దొరక్క వాళ్ళమ్మ తిరుగుతోంది. ఇవాళ పొద్దున ఫోన్ చేసింది. ఇస్తానని చెప్పాను. మిమ్మల్ని అడక్కుండానే చెప్పాను."

ఆవిడ ముందు ఏసీ కట్టేసింది. తర్వాత పరుపు స్విచ్చు తీసింది. అది నిట్టూర్చినట్టు మెల్లగా గాలి వదిలి చదునైపోయింది. ఆక్సిజన్ మిషను దగ్గరకు వెళ్ళి చెయ్యి వేసి ఆగిపోయింది. ఎంతసేపు నిలబడినా ఆ స్విచ్చు నొక్కలేకపోయింది. అప్పుడు మేస్త్రి వచ్చి ఆవిడ చేతి మీద తన చెయ్యి వేశాడు. ముప్పై ఏళ్ళుగా ఆగిపోయినవాటిని తిప్పడమే తెలిసిన చెయ్యి అది. ఇద్దరూ కలిసి నొక్కారు. మిషను ఒకసారి గట్టిగా ఊపిరి వదిలి ఊరుకుంది.

అంత నిశ్శబ్దం ఆ గది ఎప్పుడూ ఎరగదు. మేస్త్రి గాలి పోయిన పరుపు అంచున కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆసుపత్రిలో ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. ఆవిడ ఆయన తల పొట్టకు ఆనించుకుని నిలబడింది.

ఆ పై నెల బిల్లు ఇంటికి రాకుండా తనే తెచ్చుకుంటానని మేస్త్రి కరెంటు ఆఫీసుకు బయలుదేరాడు. ఆవిడ కూడా వెంట వచ్చింది. కౌంటరు ముందు వరుసలో నిలబడ్డారు. వాళ్ళ వంతు వచ్చింది. అద్దం వెనకున్న గుమాస్తా నంబరు కొట్టి చూసి ముఖం నిండా నవ్వాడు.

"సోలారా మీది? అదృష్టవంతులండీ. మీ వాడకం నూట పద్దెనిమిది, మేడ మీద వచ్చింది మూడొందల యాభై పైనే. మీటరు చార్జీ తప్ప మీరు కట్టాల్సిందేమీ లేదు. పైగా రెండొందల చిల్లర యూనిట్లు మాకే అమ్మారు. ఊరంతా మీలా ఉంటే మా దగ్గరకి ఎవరొస్తారు చెప్పండి!"

వరుసలో వెనకున్నాయన మెడ సాచి, "ఎవరు పెట్టారండీ మీకు? యూనిట్ ఎంత పడింది?" అని ఆశగా అడిగాడు.

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆవిడే చెప్పింది. "ఐదున్నర. మా అబ్బాయి లెక్క కట్టాడు."

"మంచి లెక్కండీ," అన్నాడాయన.

"అవును," అంది ఆవిడ.

మీటరు చార్జీ కట్టి, రసీదు తీసుకుని బయటికి వచ్చారు. ఎండ మండిపోతోంది. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుంది. మేస్త్రి రెండడుగులు వేసి ఆగి, ఏదో మర్చిపోయినవాడిలా అటూ ఇటూ చూశాడు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. షాపు వైపు తిరగాల్సిన మలుపులో ఆయన ఇంటి వైపు తిరిగాడు. ఆవిడ కూడా ఆయన పక్కనే నడిచింది.